పాలు పడని వారికి క్రియాటిన్: ఏ గ్లాసులో కలుపుకోవాలి?

జిమ్ముకు వెళ్లే కుర్రాళ్లలో చాలామంది మొదటి క్రియాటిన్ డబ్బా కొన్న రోజే ఒక సలహా వింటారు: ‘పాలల్లో కలుపుకుని తాగు, ఒంటికి పడుతుంది’. పాలు బాగా అరిగేవారికి ఈ సలహాతో ఏ ఇబ్బందీ ఉండదు. పాలు పడనివారి సంగతి వేరు. తాగిన గంటకో రెండు గంటలకో కడుపు ఉబ్బుతుంది, లోపల గుడగుడమంటుంది, గ్యాస్ పోతుంది, కొందరికి విరేచనాలు కూడా అవుతాయి. నాలుగు రోజులు ఇలా గడిచేసరికి ‘నాకు క్రియాటిన్ పడదు’ అని తేల్చేసి డబ్బాను అటకెక్కిస్తారు.

చాలాసార్లు ఆ తీర్పు తప్పు మనిషి మీద పడుతుంది. ఇబ్బంది పాల వల్ల కావచ్చు, పొడి సరిగా కరగకపోవడం వల్ల కావచ్చు, ఒక్కసారే ఎక్కువ మోతాదు మింగడం వల్ల కావచ్చు. ఈ మూడింటినీ విడదీసి చూసుకుంటే దారి దొరుకుతుంది. ఆ దారిలో మన ఇళ్లలో రోజూ ఉండే పలచటి మజ్జిగకు మంచి చోటుంది.

క్రియాటిన్‌కు పాలతో పనేమిటి?

క్రియాటిన్ మన ఒంట్లో ఎప్పుడూ ఉండే పదార్థమే. కాలేయం, మూత్రపిండాలు, క్లోమం కలిసి రోజుకు సుమారు ఒక గ్రాము తయారు చేస్తాయి. మాంసం, చేపలు తినేవారికి ఆహారం నుంచి ఇంకొంత అందుతుంది. దీనిలో ఎక్కువ భాగం కండరాల్లో నిలవ ఉండి, బరువు ఎత్తడం, పరుగు అందుకోవడం లాంటి కొద్ది సెకన్ల గట్టి శ్రమకు వెంటనే శక్తినిస్తుంది. పాలలో క్రియాటిన్ ఉండేది చాలా స్వల్పం. అందుకే పాలు, పెరుగు ఎంత తీసుకున్నా శాకాహారుల కండరాల్లో దీని నిలవ మాంసాహారుల కంటే తక్కువగా ఉంటుంది. పొడి రూపంలో తీసుకున్నప్పుడు వారికి తేడా ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ నిలవ ఇంటి మీది నీళ్ల ట్యాంకు లాంటిది. ఒక్కసారిగా నింపవచ్చు, నెమ్మదిగానూ నింపవచ్చు, నిండాక మాత్రం రెండూ ఒకటే. రోజుకు 20 గ్రాములను నాలుగు విడతలుగా ఆరు రోజులు తీసుకున్నవారి కండరాలు ఏ స్థాయికి చేరాయో, రోజుకు 3 గ్రాములే 28 రోజులు తీసుకున్నవారివీ దాదాపు అదే స్థాయికి చేరాయని 1996లోనే పరిశోధనలో తేలింది. పొట్ట సున్నితంగా ఉన్నవారికి ఇది మంచి కబురు. ‘లోడింగ్’ పేరుతో మొదటి వారం గుప్పెడు పొడి మింగాల్సిన అవసరం లేదు. నెల రోజులు ఓపిక పడితే చాలు.

మరి పాలు ఎందుకు కలుపుతారు? దీని వెనక కొంత శాస్త్రం లేకపోలేదు. రక్తంలో ఇన్సులిన్ పెరిగినప్పుడు క్రియాటిన్ కండరంలోకి కాస్త ఎక్కువగా వెళుతుంది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, క్రియాటిన్‌తో పాటు సుమారు 50 గ్రాముల మాంసకృత్తులు, దాదాపు అంతే పిండిపదార్థం ఇచ్చినప్పుడు ఈ ప్రభావం కనిపించింది. ఒక గ్లాసు పాలలో ఉండేవి సుమారు 7 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల చక్కెర. ఆ అధ్యయనంలోని మోతాదుకు ఇది దరిదాపుల్లో కూడా లేదు. పైగా రోజూ తీసుకుంటూ పోతే ట్యాంకు ఎలాగూ నిండుతుంది. క్రియాటిన్ నీళ్లలో కలిపి తాగినా పేగుల్లో దాదాపు పూర్తిగా ఒంటికి పడుతుంది. కాబట్టి పాలు ఇక్కడ రుచికి, అలవాటుకు పనికొచ్చే వస్తువే గానీ, అవి లేకపోతే మందు పనిచేయదన్న భయం అక్కర్లేదు.

‘పాలు పడవు’ అంటే మూడు రకాలు

ఒకే మాట అన్నా, దాని వెనక మూడు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. ఎవరికి ఏది వర్తిస్తుందో తెలియకపోతే పరిష్కారం కూడా తెలియదు.

మొదటిది లాక్టోజ్ అరగకపోవడం. పాలలోని చక్కెర పేరు లాక్టోజ్. దాన్ని విడగొట్టడానికి చిన్నపేగు గోడల్లో లాక్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. చంటిబిడ్డలందరిలో ఇది పుష్కలంగా ఉంటుంది, పెద్దయ్యే కొద్దీ చాలామందిలో తగ్గిపోతుంది. ఇది జబ్బు కాదు, ప్రపంచంలో ఎక్కువమంది పెద్దవాళ్ల తీరు ఇదే. మన దేశంలో ఉత్తర, వాయవ్య ప్రాంతాల వారి కంటే దక్షిణాది వారిలో ఇది ఎక్కువ. అరగని లాక్టోజ్ పెద్దపేగుకు చేరితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి వాయువులు పుట్టిస్తాయి. అది తనతో పాటు నీటిని కూడా లోపలికి లాగుతుంది. ఉబ్బరం, గుడగుడ, నీళ్ల విరేచనం వచ్చేది అందుకే. తాగిన అరగంట నుంచి కొన్ని గంటల లోపు ఇవి మొదలవుతాయి.

రెండోది బరువు. లాక్టోజ్ బాగానే అరుగుతుంది గానీ చిక్కటి గేదె పాలు తాగితే కడుపులో రాయి పెట్టినట్టుంటుందని కొందరు అంటారు. గేదె పాలలో కొవ్వు 6 నుంచి 8 శాతం దాకా ఉంటుంది, ఆవు పాలలో సుమారు 4 శాతం. కొవ్వు ఎక్కువైతే కడుపు ఖాళీ కావడానికి ఎక్కువసేపు పడుతుంది. వీరికి గ్యాస్, విరేచనాల కంటే త్రేన్పులు, మందగింపు, ఆకలి లేకపోవడం కనిపిస్తాయి.

మూడోది అలర్జీ. ఇది పాలలోని మాంసకృత్తుల మీద ఒంటి రక్షణ వ్యవస్థ తిరగబడటం. దద్దుర్లు, పెదవులు వాయడం, ఆయాసం లాంటివి వస్తాయి. వీరికి పాలే కాదు, పెరుగు, మజ్జిగ, వే ప్రొటీన్ అన్నీ ప్రమాదమే. ఈ వ్యాసంలో ఇకపై చెప్పే పెరుగు, మజ్జిగ సలహాలేవీ వీరికి వర్తించవు. నీళ్లతోనే తీసుకోవాలి.

పాలు, పెరుగు, మజ్జిగ: లెక్క ఎక్కడ మారుతుంది?

లాక్టోజ్ అరగనివారికి కూడా చుక్క పాలు తగలకూడదన్న నియమం లేదు. ఒక్కసారికి 12 గ్రాముల లాక్టోజ్ వరకు చాలామంది పెద్దగా ఇబ్బంది లేకుండా తట్టుకుంటారని పరిశోధనలు చెబుతున్నాయి. భోజనంతో పాటు తీసుకుంటే తట్టుకునే శక్తి ఇంకాస్త పెరుగుతుంది. ఖాళీ కడుపుతో తాగితే తగ్గుతుంది. కాబట్టి అసలు ప్రశ్న ఎంత, ఎప్పుడు అన్నదే.

ఆవు పాలైనా గేదె పాలైనా 100 మిల్లీలీటర్లలో లాక్టోజ్ సుమారు 5 గ్రాములు. మీగడ తీసినా, డబుల్ టోన్డ్ ప్యాకెట్ కొన్నా కొవ్వు తగ్గుతుందే గానీ లాక్టోజ్ తగ్గదు. 200 మిల్లీలీటర్ల గ్లాసు తాగితే 10 గ్రాములు, పెద్ద గ్లాసుతో 300 మిల్లీలీటర్లు తాగితే 15 గ్రాములు లోపలికి వెళ్లినట్టు.

పాలు తోడుకునేటప్పుడు తోడులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత భాగాన్ని తిని ఆమ్లంగా మారుస్తుంది. పెరుగు పులుపు అక్కడి నుంచే వస్తుంది. అందువల్ల 100 గ్రాముల పెరుగులో లాక్టోజ్ 4 గ్రాముల లోపుకు దిగుతుంది, బాగా పులిసిన పెరుగులో ఇంకా తక్కువ. దీనికి మించిన మేలు మరొకటి ఉంది. ఆ బ్యాక్టీరియా కణాల్లో లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. మనం పెరుగు తిన్నాక ఆ కణాలు పేగుల్లో విచ్చుకుని, మన లాక్టేజ్ చేయలేని పనిలో కొంత చేసి పెడతాయి. ప్రయోగశాలల్లో ఈ సంగతిని రుజువు చేసింది యోగర్ట్ తయారీలో వాడే రెండు నిర్దిష్ట బ్యాక్టీరియా రకాలతో. మన ఇంటి తోడులో ఏయే రకాలు ఉంటాయన్నది ఇంటింటికీ మారుతుంది కాబట్టి ఎవరికి వారు కొద్దిగా తిని చూసుకోవడం మంచిది. పెరుగును మరిగిస్తే ఆ కణాలు చచ్చిపోతాయి. అందుకే మజ్జిగ పులుసుకు ఈ మేలు ఉండదు.

ఇక మజ్జిగ. ఒక పాలు పెరుగుకు మూడు పాళ్లు నీళ్లు పోసి చిలికి, వెన్న తీసేస్తే లాక్టోజ్, కొవ్వు రెండూ తగ్గిపోతాయి. 50 గ్రాముల పెరుగుతో చేసిన 200 మిల్లీలీటర్ల పలచటి మజ్జిగలో లాక్టోజ్ 2 గ్రాములకు మించదు. అంతే పరిమాణం పాలతో పోల్చితే ఐదో వంతు. లాక్టోజ్ పడనివారికీ, కొవ్వు బరువుగా అనిపించేవారికీ ఇద్దరికీ ఒకే గ్లాసు సరిపోవడం దీని ప్రత్యేకత. లస్సీని మజ్జిగ ఖాతాలో వేయకండి. అది దాదాపు చిక్కటి పెరుగే, పైగా చక్కెర. ప్యాకెట్ మజ్జిగ కొంటే పదార్థాల జాబితా చదవండి. పాలపొడి కలిపి ఉంటే లాక్టోజ్ పెరుగుతుంది, ఎందుకంటే వెన్న తీసిన పాలపొడిలో సగం దాకా లాక్టోజే.

కరగని పొడి చేసే గొడవ

పాలు మంచివే, పడేవే అనుకున్నా, క్రియాటిన్ స్వభావం వల్ల మరో ఇబ్బంది వస్తుంది. ఇది చక్కెరలా ఇట్టే కరిగే పదార్థం కాదు. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 14 గ్రాములు కరుగుతుంది. ఫ్రిజ్ చలిలో, అంటే 4 డిగ్రీల దగ్గర, కరిగేది 6 గ్రాములే. 50 డిగ్రీల వేడిలో అది 34 గ్రాములకు పెరుగుతుంది.

ఈ అంకెల్ని గ్లాసులోకి తెచ్చి చూద్దాం. ఫ్రిజ్‌లోంచి తీసిన 200 మిల్లీలీటర్ల చల్లటి పాలలో 5 గ్రాముల పొడి వేస్తే ఒక గ్రాము పైచిలుకే కరుగుతుంది. మిగతా పొడి ఇసుకలా అడుగుకు చేరుతుంది. ఎంత కలియబెట్టినా తెల్లటి పాలలో ఆ సంగతి కంటికి కనిపించదు. చివరి గుక్కలో నాలుకకు గరగరగా తగిలేది అదే. కరగని క్రియాటిన్ పేగులోకి వెళ్లాక చుట్టుపక్కల నీటిని తన వైపు లాక్కుంటుంది, మోతాదు పెద్దదైతే విరేచనం అవుతుంది. 2008లో ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద చేసిన అధ్యయనంలో, ఒక్కసారే 10 గ్రాములు తీసుకున్నవారికి విరేచనాలు ఎక్కువయ్యాయి. అదే 10 గ్రాములను రెండు 5 గ్రాముల విడతలుగా తీసుకున్నవారిలో ఆ పెరుగుదల కనిపించలేదు.

లాక్టోజ్ నీటిని లాగుతుంది, కరగని క్రియాటిన్ కూడా నీటిని లాగుతుంది. చల్లటి పెద్ద గ్లాసు పాలలో రెండు స్కూపులు వేసుకుని తాగినప్పుడు రెండూ ఒకే పేగు మీద ఒకేసారి పడతాయి. విడివిడిగా తట్టుకోగలిగినవాళ్లు కూడా ఈ జంట దెబ్బకు కూలబడతారు.

ఒక ఉదాహరణ, మొదటి నుంచి చివరి దాకా

విజయవాడలో ఉద్యోగం చేస్తూ ఉదయాన్నే జిమ్ముకు వెళ్లే 28 ఏళ్ల వ్యక్తిని ఊహించుకుందాం. ఏడున్నరకు ఇంటికి వస్తాడు. ఫ్రిజ్‌లోని 300 మిల్లీలీటర్ల గేదె పాలలో రెండు స్కూపుల క్రియాటిన్, అంటే 10 గ్రాములు, ఒక స్కూపు వే కాన్సన్‌ట్రేట్ వేసి షేకర్లో ఊపి ఖాళీ కడుపుతో తాగుతాడు. ఆఫీసులో తొమ్మిదిన్నరకల్లా కడుపు ఉబ్బి, రెండుసార్లు బాత్రూముకు పరుగెత్తుతాడు.

ఆ షేకర్లో ఏముందో లెక్క వేద్దాం. పాల నుంచి 15 గ్రాముల లాక్టోజ్. వే కాన్సన్‌ట్రేట్ స్కూపు నుంచి మరో గ్రామో రెండు గ్రాములో. మొత్తం 16 దాటింది, అదీ ఖాళీ కడుపుతో. పాల కొవ్వు సుమారు 20 గ్రాములు. ఆ చలిలో కరిగిన క్రియాటిన్ 2 గ్రాముల లోపు, కరగనిది 8 గ్రాములు. అనుమానించాల్సినవి ఒకటి కాదు, మూడు. ఇప్పుడు క్రియాటిన్ ఒక్కదాన్నే మానేస్తే ఇబ్బంది కొంత తగ్గవచ్చు, పాలు ఒక్కటే మానేసినా కొంత తగ్గవచ్చు. ఏది మానినా ఉపశమనం కనిపిస్తుంది కాబట్టి తప్పు తీర్పు ఇచ్చే వీలు ఎక్కువ.

అందుకే అతను ఒక్కొక్కటిగా పరీక్షించుకోవాలి. ముందు మూడు రోజులు అన్నీ ఆపేసి కడుపును కుదుటపడనివ్వాలి. ఆ తర్వాత నాలుగు రోజులు, టిఫిన్ తిన్నాక, 3 గ్రాముల క్రియాటిన్‌ను గోరువెచ్చటి నీళ్లలో పూర్తిగా కరిగించి తాగాలి. పాలు, వే ఏవీ వద్దు. కడుపు నిమ్మళంగా ఉంటే క్రియాటిన్ నిర్దోషి అని తేలినట్టే.

తర్వాత ఒక సెలవు రోజు ఉదయం ఏమీ తినకుండా 300 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు ఒక్కటే తాగి, మధ్యాహ్నం దాకా ఏమవుతుందో గమనించాలి. టోన్డ్ పాలలో కొవ్వు 3 శాతమే, లాక్టోజ్ మాత్రం మామూలుగానే ఉంటుంది. అప్పుడు కూడా గ్యాస్, గుడగుడ వస్తే దోషం లాక్టోజ్‌దే అనుకోవచ్చు. టోన్డ్ పాలు హాయిగా అరిగి, మరో రోజు చిక్కటి గేదె పాలు తాగినప్పుడే బరువుగా అనిపిస్తే కారణం కొవ్వు. ఇంకా స్పష్టత కావాలంటే బజారులో దొరికే లాక్టోజ్ లేని పాలతో ఇదే పరీక్ష చేయవచ్చు. ఆసుపత్రుల్లో ఉదరకోశ వైద్యులు చేసే హైడ్రోజన్ శ్వాస పరీక్ష ఇదే సంగతిని మరింత కచ్చితంగా చెబుతుంది. అరగని లాక్టోజ్‌ను పెద్దపేగు సూక్ష్మజీవులు పులియబెట్టినప్పుడు పుట్టే హైడ్రోజన్ ఊపిరిలోకి వస్తుంది, యంత్రం దాన్ని కొలుస్తుంది.

మన ఉదాహరణలోని వ్యక్తికి నీళ్లతో క్రియాటిన్ బాగానే పడింది, టోన్డ్ పాలు తాగిన రెండు గంటలకు కడుపు ఉబ్బింది అనుకుందాం. దోషి లాక్టోజ్ అని, 10 గ్రాముల కరగని పొడి దానికి తోడైందని అర్థం. ఇక అతను చేయాల్సిన మార్పులు మూడే. క్రియాటిన్ రోజుకు 3 గ్రాములకు తగ్గించాలి. వే కాన్సన్‌ట్రేట్ బదులు లాక్టోజ్ చాలా తక్కువగా ఉండే వే ఐసోలేట్‌కు మారాలి, లేదా దాన్ని మానేసి గుడ్లు, పప్పు మీద ఆధారపడాలి. పాల గ్లాసు స్థానంలో మజ్జిగ గ్లాసు పెట్టుకోవాలి.

మజ్జిగలో కలిపే పద్ధతి

మజ్జిగ చల్లగా ఉంటుంది కాబట్టి పొడిని నేరుగా అందులో వేస్తే మళ్లీ అడుగున చేరుతుంది. ముందు వేడి నీళ్లలో కరిగించి ఆ తర్వాత మజ్జిగలో పోయడమే కిటుకు.

సగం గ్లాసు, అంటే 100 మిల్లీలీటర్ల నీళ్లు తీసుకోండి. వేడి 50 డిగ్రీల దగ్గర ఉండాలి, గ్లాసు పట్టుకుంటే బాగా వేడిగా తగిలి, చేయి కాలకుండా ఉండే వేడి అది. అందులో 3 గ్రాముల క్రియాటిన్ వేసి నిమిషమో రెండు నిమిషాలో కలియబెట్టండి. గ్లాసును వెలుతురుకు ఎత్తి చూస్తే అడుగున పలుకులు లేకుండా నీరు తేటగా కనిపించాలి. ఈ పరీక్ష నీళ్లలోనే సాధ్యం, మజ్జిగలో పోశాక కనిపించదు. కరిగిందని తేలాక 150 మిల్లీలీటర్ల మామూలు మజ్జిగ పోయండి. మొత్తం 250 మిల్లీలీటర్లలో 3 గ్రాములు ఉన్నాయి కాబట్టి, అది మన ఇళ్లలోని మామూలు వాతావరణంలో తిరిగి పేరుకోకుండా కరిగే ఉంటుంది. 5 గ్రాములు వేసుకునేవారికి ఇదే లెక్కన రెండు గ్లాసులకు పైగా ద్రవం కావాలి. వేడి నీళ్లు మజ్జిగలో కలిశాక గోరువెచ్చగా మారతాయి కాబట్టి మజ్జిగ విరగదు, మేలు చేసే బ్యాక్టీరియా కూడా చావదు. సలసల కాగే నీళ్లు మాత్రం వాడకండి.

చిటికెడు ఉప్పు, కాస్త ఇంగువ, దంచిన అల్లం, కరివేపాకు వేసుకుంటే రుచిగా ఉంటుంది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానేయాలి. పొట్ట ఇంకా కుదుటపడని రోజుల్లో పచ్చిమిర్చి వేసుకోకండి, దాని మంటను క్రియాటిన్ ఖాతాలో రాసే అవకాశం ఉంది.

కొలత విషయంలో చెంచాను నమ్మకండి. ఒక్కో పొడి ఒక్కో మెత్తదనంతో ఉంటుంది, చెంచా నింపే తీరును బట్టి కూడా బరువు మారుతుంది. డబ్బాలో వచ్చే స్కూపు ఎన్ని గ్రాములో లేబుల్ మీద రాసి ఉంటుంది. దాన్నే గీటుగా వాడండి. అదే లేబుల్‌లో పదార్థాల జాబితా కూడా చూడండి. క్రియాటిన్ మోనోహైడ్రేట్ ఒక్కటే రాసి ఉంటే అందులో లాక్టోజ్ ఉండదు. పాల నుంచి గానీ మాంసం నుంచి గానీ తీసినది కాదు, రసాయనికంగా తయారైనది. ‘మాస్ గెయినర్’ పేరుతో వచ్చే డబ్బాల్లో మాత్రం పాలపొడి, వే కాన్సన్‌ట్రేట్ కలిసి ఉండవచ్చు.

కలిపిన మజ్జిగను అప్పుడే తాగేయండి. క్రియాటిన్ పుల్లటి ద్రవాల్లో నెమ్మదిగా విరిగి క్రియాటినిన్‌గా మారుతుంది. పెరుగు పులుపుకు దగ్గరగా ఉండే ద్రావణంలో, 25 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచితే సుమారు 12 శాతం ఇలా పోతుంది. గంట రెండు గంటల ఆలస్యం వల్ల పోయేది లెక్కలోకి రాదు. అయితే పొద్దున కలిపి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వేరే చిక్కు ఉంది. చల్లబడ్డ కొద్దీ పొడి మళ్లీ అడుగున పేరుకుంటుంది, ఇంత కష్టపడి కరిగించింది వృథా అవుతుంది. పాలు పడేవారు పాలల్లో కలుపుకోవాలనుకుంటే పాలు దించి, కాస్త చల్లారాక గోరువెచ్చగా ఉన్నప్పుడు కలపడం మంచిది.

పెరుగన్నంలో చల్లుకోవచ్చా అని కొందరికి సందేహం. చల్లుకోవచ్చు. పంటి కింద గరగరలాడుతుంది గానీ, అన్నంతో కలిసి నెమ్మదిగా పేగుల్లోకి వెళుతుంది కాబట్టి 3 గ్రాముల చిన్న మోతాదుకు చాలామందికి ఇబ్బంది ఉండదు. పెరుగు 100 గ్రాములకు పరిమితం చేసి, తిన్నాక ఒక గ్లాసు మంచినీళ్లు తాగండి. మధ్యాహ్నం తిన్నా, రాత్రి తిన్నా ఫలితం ఒకటే. జిమ్ము ముగిసిన నిమిషంలోనే తీసుకోవాలన్న తొందర ఈ పొడికి లేదు.

ఎక్కడ ఆగాలి?

మజ్జిగతో తీసుకున్నా, నీళ్లతో తీసుకున్నా ఇబ్బంది తగ్గకపోతే మోతాదును రెండుగా విడగొట్టి ఉదయం గ్రామున్నర, సాయంత్రం గ్రామున్నర చూడండి. దానికీ పడకపోతే క్రియాటిన్ మీకు సరిపడదని ఒప్పుకుని మానేయడమే మంచిది.

మొదటి వారాల్లో తూకం కిలో దాకా పెరిగితే ఉబ్బరమని కంగారు పడకండి. క్రియాటిన్‌తో పాటు కండరాల్లోకి నీరు చేరడం వల్ల బరువు పెరుగుతుంది. దాన్ని గుర్తుపట్టడం తేలిక. కండరాల్లో చేరిన నీటికి కడుపులో చప్పుడు ఉండదు, గ్యాస్ ఉండదు, ఉదయం నుంచి సాయంత్రానికి హెచ్చుతగ్గులు ఉండవు. లాక్టోజ్ ఉబ్బరం తిన్న కొన్ని గంటల్లో వచ్చి, గ్యాస్ పోయాక తగ్గుతుంది.

విరేచనాల జబ్బు నుంచి ఇటీవలే కోలుకున్నవారికి పేగు గోడ దెబ్బతిని కొన్ని వారాలు లాక్టోజ్ అరగకపోవచ్చు. ఆ రోజుల్లో చేసిన పరీక్షను చివరి తీర్పుగా తీసుకోకండి, కుదుటపడ్డాక మళ్లీ చూడండి. మలంలో రక్తం, నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే మాత్రం అది పాల గొడవా, క్రియాటిన్ గొడవా అని ఇంట్లో లెక్కలు వేసుకుంటూ కూర్చోకూడదు. వెంటనే వైద్యుణ్ని కలవాలి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు వైద్యుడి సలహా లేకుండా క్రియాటిన్ మొదలుపెట్టకూడదు. ఆరోగ్యవంతులు కూడా రక్తపరీక్షకు వెళ్లేటప్పుడు క్రియాటిన్ వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పాలి. ఈ పొడి వల్ల రక్తంలో క్రియాటినిన్ అంకె కాస్త పెరగవచ్చు. మూత్రపిండాలు బాగానే ఉన్నా ఆ అంకె చూసి చెడిపోయాయని పొరబడే వీలుంది.

మొత్తం మీద పాలు పడకపోవడం క్రియాటిన్ మానేయడానికి కారణం కాదు. రోజుకు 3 గ్రాములు, ముందు వేడి నీళ్లలో పూర్తిగా కరిగించి, ఆపై పలచటి మజ్జిగలో కలిపి, ఏదైనా తిన్న తర్వాత తాగితే సరిపోతుంది. మజ్జిగ కూడా పడనివారికి వట్టి నీళ్లు చాలు, ఫలితంలో తేడా రాదు. డబ్బాను అటకెక్కించే ముందు ఒక్క వారం పాలను పక్కన పెట్టి చూడండి.